రెండోసారి ఎవరు కొంటున్నారు?

2019 ఎండాకాలంలో ఒక రాత్రి, అనంతపురంలో నా దాణా అంగడి మూసేస్తుంటే నా స్నేహితుడు బైకు మీద వచ్చాడు. చిన్నప్పటి నుంచి మేం ఒకరినొకరం మామా అనే పిలుచుకుంటాం. షట్టరు సగం దించి ఉండగానే ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అందులో నల్లకోళ్లు. ఈకలు నలుపు, కాళ్లు నలుపు, నాలుక కూడా నలుపే. "కిలో వెయ్యి రూపాయలంట మామా. గుడ్డు నలభై. దాణా అంగడి పెట్టుకొని నువ్వు ఇంకా ఆలోచిస్తాండావా? బుక్కరాయసముద్రం దగ్గర మీ రెండెకరాలు ఊరికే పడుండాయి. షెడ్డు వేసేద్దాం పా" అన్నాడు.

వీడు నాకు ఎవరో బయటివాడు కాదు. మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే ముప్పై వేలు తెచ్చి చేతిలో పెట్టినవాడు. అందుకే ఇలాంటి మాట కాదనడం కష్టం. మోసం చేసేవాడు చెబితే అనుమానపడి తప్పుకుంటాం. మన మేలు కోరేవాడు, తను నమ్మి, తను కూడా డబ్బు పెడతానని చెబుతుంటే ఏమని తప్పుకుంటాం? వద్దంటే భయస్తుడంటాడు, ఆలోచిస్తానంటే "నువ్వు ఆలోచించేలోపు వేరేవాళ్లు సంపాదించుకుంటారు" అంటాడు. ఈ టెన్షన్ నాకు ఒక్కసారి కాదు, పదేళ్లలో నాలుగైదుసార్లు వచ్చింది. ఆ నల్లకోడి విషయంలో మాత్రం కూర్చొని లెక్క వేశాను, అంగట్లో నిలబడి చూశాను. నేను నేర్చుకున్నదంతా అక్కడే, అందుకే దాని గురించే రాస్తున్నాను.

ఆ నల్లకోడి పేరు కడక్‌నాథ్, మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. అక్కడి భిల్లు గిరిజనులు తరతరాలుగా పెంచుకుంటున్నారు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. మెలనిన్ ఎక్కువగా ఉండటం వల్ల మాంసం, ఎముకలు కూడా నల్లబారి ఉంటాయి. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు, లేత గోధుమ రంగులో ఉంటుంది. నల్లగుడ్డు అని ఎవరైనా ఫోటో చూపిస్తే అది అబద్ధం. కోడిలో ఏ లోపమూ లేదు. మంచి జాతి, ఎండను తట్టుకుంటుంది, కొవ్వు తక్కువ. అయితే కోడి మంచిదా కాదా అన్నది వేరు, దాన్ని మన ఊళ్లో ఎవరు తింటారన్నది వేరు. మామ నాకు చూపించిన వీడియోలన్నీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతున్నాయి.

ఆ వీడియోలు మళ్లీ మళ్లీ చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. మాట్లాడే ప్రతి రైతూ తన ఆదాయం గురించి చెబుతూ పిల్లలు ఇన్ని అమ్మాను, గుడ్లు ఇన్ని అమ్మాను అంటున్నాడు. ఆ గుడ్డు నలభై రూపాయలు ఎందుకు? ఆమ్లెట్ వేసుకోవడానికి కాదు, పొదిగించడానికి. పిల్ల వంద రూపాయలు ఎందుకు? ఇంకో రైతు పెంచుకోవడానికి. మాంసం అమ్మి బాగుపడ్డానని చెప్పినవాళ్లు ఆ పది పన్నెండు వీడియోల్లో ఒకరో ఇద్దరో. అంటే ఈ వ్యాపారంలోకి వచ్చే డబ్బు, ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చేవాళ్ల జేబుల్లోది. తినేవాడి జేబులోది కాదు.

ఇది ఎంతకాలం నడుస్తుందో ఒక కాగితం మీద వేసి చూశాను. వంద పెట్టలు ఉన్నాయనుకుందాం. కడక్‌నాథ్ ఏడాదికి సుమారు 80 గుడ్లు పెడుతుంది, అంటే 8,000. ఈ జాతి సరిగ్గా పొదగదు కాబట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. నూటికి అరవై పొదిగినా దాదాపు 5,000 పిల్లలు. తలా 500 చొప్పున పదిమంది రైతులకు అమ్మేస్తాం. మన సంవత్సరం బ్రహ్మాండంగా గడిచిపోతుంది, మన మీదా ఒక వీడియో వస్తుంది. ఆ 5,000లో సగం పెట్టలు. చచ్చినవి పోగా 2,000 మిగిలాయనుకుంటే, ఆరు నెలలకు అవీ గుడ్లకు వస్తాయి. తర్వాతి ఏడాదికి 1,60,000 గుడ్లు, దాదాపు లక్ష పిల్లలు. వాటిని కొనడానికి 200 మంది కొత్త రైతులు కావాలి. ఆ పై ఏడాది ఆ లెక్క నాలుగు వేల మంది రైతులకు చేరుతుంది. ఇదంతా ఒక్క షెడ్డులోని వంద పెట్టల నుంచి. ఇలాంటి షెడ్డులు ఎన్నో ఉన్నాయి.

కాగితం మామకు చూపించాను. చాలాసేపు చూశాడు. "అంతవరకు మనం ఉండంలే మామా, మొదటి రెండేళ్లలో బయటపడదాం" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ మనం మొదట్లో ఉన్నామో చివర్లో ఉన్నామో ఎలా తెలుస్తుంది? వార్త మన ఊరి వాట్సాప్ గ్రూపుదాకా వచ్చిందంటేనే మనకన్నా ముందు చాలామంది దిగారని అర్థం. ఈము పక్షుల విషయంలో జరిగింది ఇదే. వాటి జతలు వేలకు వేలు పెట్టి కొన్నది పెంచేవాళ్లే, తినేవాళ్లు కాదు. 2012లో తమిళనాడులోని పెరుందురై దగ్గర ఈము కంపెనీలు కూలిపోయినప్పుడు రైతుల చేతుల్లో మేత పెట్టలేని పక్షులు మిగిలాయి. మన జిల్లాలో కూడా ఈములు పెంచినవాళ్లు నాకు తెలుసు, దాణా బాకీ ఇప్పటికీ నా పాత పుస్తకంలో ఉంది. వాళ్లను అడగడానికి నాకు మనసు రాలేదు.

కాగితం లెక్కతో ఒకరిని ఒప్పించడం కష్టం. అందుకే "ఆదివారం పొద్దున ఆరింటికి పాతూరులో చికెన్ అంగడికి వస్తావా?" అని మామను అడిగాను. అంగడాయన నాకు తెలిసినవాడే, వారానికి రెండు బస్తాలు నా దగ్గరే తీసుకుంటాడు. ఆయన కూడా ఎవరో అడుగుతున్నారని బోనులో కొన్ని కడక్‌నాథ్‌లు పెట్టాడు. మేం ఇద్దరం పక్కన స్టూళ్లు వేసుకొని పదకొండు వరకు కూర్చున్నాం. వరుసగా నాలుగు ఆదివారాలు.

మొదటి ఆదివారం ఆ బోను చుట్టూ జనమే జనం. ధర అడిగినవాళ్లు ముప్పైకి పైనే. ఫోటోలు తీసుకున్నారు, పిల్లలను ఎత్తి చూపించారు. మామ నా మోకాలు గిల్లుతూనే ఉన్నాడు, "చూసినావా, చూసినావా" అంటూ. అమ్ముడైనవి రెండు. రెండో ఆదివారం ఒకటి, మూడో ఆదివారం ఒకటి. నాలుగో ఆదివారం ఏదీ అమ్ముడుపోలేదు. అదే బోను పక్కన నాటుకోళ్ల బోను ఉంది. దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు, ఎవరూ ఆగి చూడలేదు. ప్రతి ఆదివారం ముప్పై అయిదు నుంచి నలభై కోళ్లు పోయాయి. వచ్చినవాళ్లు ధర కూడా అడగట్లేదు, "రెండు కిలోల పుంజు చూడన్నా, కాల్చి పసుపు పెట్టి ఇయ్యి" అని సంచి చేతికిచ్చి టీ తాగడానికి పోతున్నారు.

మూడో ఆదివారం అంగడాయన మాతో ఒక మాట అన్నాడు. "ధర అడిగేటోళ్లు వేరే అన్నా, సంచి తెచ్చుకునేటోళ్లు వేరే." ముప్పై ఏళ్లుగా కోళ్లు కోస్తున్న మనిషి ఆయన. ఏ ఇంట్లో కొత్త అల్లుడు వచ్చాడో, ఎవరింట్లో బాలింత ఉందో, ఏ వీధిలో దేవర చేస్తున్నారో ఆయనకు తెలుసు. ఎందుకంటే అప్పుడే వాళ్లు నాటుకోడి అడుగుతారు. రాగి సంగటి కెలికిన ఇంట్లో పులుసుకు నాటుకోడే కావాలి. జలుబు చేసినవాడికి రసం కావాలి. వీటిలో ఏదీ వీడియో చూసి పుట్టింది కాదు, వీడియో ఆగిపోతే ఆగేదీ కాదు. గిరాకీకి ఇంటి క్యాలెండర్‌లో ఒక చోటు ఉండాలి, అది ఉన్న సరుకు నిలబడుతుంది.

నల్లకోడి కొన్న నలుగురిలో ముగ్గురు మాకు ముఖపరిచయం ఉన్నవాళ్లే. ఎందుకు కొన్నారని తర్వాత అడిగితే ఒకాయన షుగర్‌కు మంచిదని విన్నానన్నాడు, ఇంకొకాయన బీపీకి అన్నాడు, మూడో ఆయన ఒక్కసారి రుచి చూద్దామని అన్నాడు. మళ్లీ కొంటారా అంటే ఎవరూ గట్టిగా అవుననలేదు. మందు అని కొన్న తిండి పరిస్థితి ఇంతే. దాని పోటీ ఇంకో కూరతో కాదు, రేపు వచ్చే ఇంకో మందుతో. నిన్న అవిసె గింజలు, ఇవాళ నల్లకోడి, రేపు ఇంకేదో.

నేనూ ఒకటి కొని ఇంటికి తీసుకెళ్లాను. మా అమ్మ కడిగి, ముక్కల్ని చాలాసేపు చూసింది. పసుపు వేసినా ముక్కకు రంగు పట్టలేదు, పులుసు బూడిద రంగుకు తిరిగింది. చిన్నోడు గిన్నె చూసి అన్నం పక్కకు నెట్టాడు. మేం తిన్నాం. రుచి నిజంగా బాగుంది, నాటుకోడిలాగే గట్టిగా, కమ్మగా ఉంది. అమ్మను అడిగాను, ఎట్లుంది అని. "బాగానే ఉంది నాయనా. ఇంకోసారి తేవద్దులే, ఆ దుడ్లకు రెండు నాటుకోళ్లు వస్తాయి" అంది. నాకు కావలసిన సర్వే అదే. ఒక వస్తువు బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఇంకోసారి తెమ్మంటావా అని అడిగితేనే నిజం బయటికి వస్తుంది.

మామ వాదన ఇక్కడితో ఆగలేదు, అది న్యాయమే. "అనంతపురంలో కొనకపోతే బెంగళూరులో కొంటారు, రెండు వందల కిలోమీటర్లే కదా" అన్నాడు. సరేనని దాణా లోడు కోసం వెళ్లినప్పుడు అక్కడ మూడు అంగళ్లలో విచారించాను. ఉంది, గిరాకీ ఉంది. ఆర్డర్ ఇస్తే తెప్పిస్తారు. ఒక్కో అంగడికి వారానికి అయిదు నుంచి పది కోళ్లు, వాటిని ఇచ్చే మనుషులు అప్పటికే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అక్కడ క్రమం తప్పకుండా కొనే ఇళ్లు కొన్ని ఉన్నాయని కూడా చెప్పారు. కాబట్టి నల్లకోడికి గిరాకీ అసలే లేదని నేను అనను. చిన్నదే అయినా నికరమైన గిరాకీ ఉంది, దాని చుట్టూ వంద రెట్లు మోజు ఉంది. ఝాబువాలో భిల్లుల ఇళ్లలో దాని గిరాకీ నిన్నటిదీ కాదు, రేపు పోయేదీ కాదు. ఒకే కోడి ఒక ఊళ్లో తిండి, ఇంకో ఊళ్లో వేలంవెర్రి కావచ్చు.

ఇక పెంపకం ఖర్చు. బ్రాయిలర్ ఆరు వారాల్లోపే రెండు కిలోలు తూగుతుంది. కడక్‌నాథ్ కిలో పైన మూడు వందల గ్రాములకు రావడానికి అయిదు నెలలు పడుతుంది. షెడ్డులో పెట్టి మేపితే అప్పటికి ఆరు కిలోల దాకా దాణా తింటుంది. 2019లో నా అంగట్లో దాణా కిలో ముప్పై రూపాయలు, అంటే దాణాకే 180. పిల్లకు 80 నుంచి 100. మందులు, కరెంటు, కూలి, చచ్చిపోయినవాటి నష్టం కలిపి ఇంకో అరవై. మొత్తం సుమారు 330 రూపాయలు, అంటే బతికున్న కోడి కిలో 250 పడుతుంది. అప్పుడు రైతు దగ్గర నాటుకోడి ధర కూడా ఇంచుమించు అంతే. కిలో 600, 700 అమ్ముడుపోయినంతకాలం లాభమే. సరుకు ఎక్కువై అది నాటుకోడి ధరకు దిగిన రోజున షెడ్డు కట్టిన అప్పు తీరదు. అంటే ఈ వ్యాపారం బతకాలంటే మోజు ధర కచ్చితంగా నిలబడాలి. మోజు పోయినా మామూలు ధరకు నిలబడగలదా అన్నదే నేను ఏ వ్యాపారాన్నైనా అడిగే ప్రశ్న.

ఆ రోజుల్లోనే ఒక బైబ్యాక్ కంపెనీ మనుషులు మా ఊరివైపు వచ్చారు. పిల్లలు, దాణా, మందులు అన్నీ వాళ్లే ఇస్తారట, పెరిగాక వాళ్లే కొంటారట. మామ నన్నూ తీసుకెళ్లాడు. నేను ఒక్కటే అడిగాను, "మీరు మా దగ్గర కొన్న కోడిని ఎవరికి అమ్ముతారు? ఒక హోటలుకో చికెన్ అంగడికో వేసిన బిల్లు ఒకటి చూపించండి." వాళ్లు ఇంకో రైతు షెడ్డు ఫోటోలు చూపించారు. మళ్లీ అడిగాను. ఇంకో రైతుకు ఇచ్చిన చెక్కు ఫోటో చూపించారు. ఒప్పంద పత్రంలో బరువు తగ్గితే, జబ్బు లక్షణాలు కనిపిస్తే, రంగు తేడా ఉంటే కొనబోమని సన్నటి అక్షరాల్లో ఉంది. లేచి వచ్చేశాం. ఆ సంవత్సరంలోనే మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఇలాంటి కడక్‌నాథ్ బైబ్యాక్ కంపెనీ ఒకటి చేతులెత్తేసి, రైతులు రోడ్డెక్కిన వార్త వచ్చింది. మామ ఆ వార్త నాకు పంపి ఏమీ రాయలేదు.

దాణా అంగడిలో కూర్చునేవాడికి ఇంకో రకంగా కూడా తెలుస్తుంది. ఆ ఏడాది వానాకాలంలో పిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా కోసం కొత్త ముఖాలు బాగా వచ్చాయి. మూడు నెలల తర్వాత తిరిగి అదే ముఖాలు పెరిగిన కోళ్లకు పెట్టే ఫినిషర్ దాణాకు రావాలి. సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు కూడా బస్తా కాకుండా పది కిలోలు, పదిహేను కిలోలు కొలిపించుకున్నారు. అంటే కోళ్లు అమ్ముడుపోక తిండి తగ్గిస్తున్నారన్నమాట. తర్వాత 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచి అన్ని కోళ్ల ధరలూ పడిపోయాయి. కొన్ని నెలలకు బ్రాయిలర్ లేచింది, నాటుకోడి లేచింది. నల్లకోడి షెడ్డుల్లో చాలావాటిలో ఇప్పుడు వనరాజ, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లు తిరుగుతున్నాయి. ఆ రైతులు పదిహేను రోజులకోసారి బస్తాకు వస్తారు.

ఇంత చెప్పాక నా లెక్క తప్పిన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది నిజాయతీగా ఉండదు. అంతకు చాలా ఏళ్ల ముందు మా ఇంకో స్నేహితుడు మినరల్ వాటర్ ప్లాంటు పెడదామన్నాడు. "నీళ్లు కొనుక్కొని ఎవరు తాగుతారురా, నాలుగు రోజుల ముచ్చట" అని నేను పోలేదు. అతను ఒక్కడే పెట్టుకున్నాడు. ఒకరోజు అతని ప్లాంటు ముందు ఖాళీ క్యాన్లు చూశాను. వరుసగా, గోడ ఎత్తున. అవన్నీ నిన్న అమ్మినవి, ఇవాళ నింపుకోవడానికి తిరిగి వచ్చినవి. రెండోసారి కొనేవాడిని కంటితో చూపించే సాక్ష్యం అంతకంటే ఏం కావాలి? మన జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పళ్ల మీద గారలు, మోకాళ్ల నొప్పులు. నీళ్ల క్యాన్ వెనుక ఉన్న అవసరం ఎప్పటి నుంచో ఉంది, క్యాన్ మాత్రమే కొత్తది. నేను కొత్త వస్తువును చూశాను, దాని కింద ఉన్న పాత అవసరాన్ని చూడలేదు.

అయినా అతని కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. అయిదేళ్లలో అదే వీధి చుట్టుపక్కల ఇంకో నాలుగు ప్లాంట్లు వచ్చాయి. గిరాకీ పెరిగింది కానీ అతని వాటా తగ్గింది, క్యాన్ ధర పెంచే వీలు లేకపోయింది. ఇప్పుడు ఆటో తనే నడుపుకొని ఇళ్లకు వేస్తున్నాడు కాబట్టి నిలబడ్డాడు. కాబట్టి గిరాకీ నికరమైనదా అని చూడటం సగం పనే. అది నికరమైనదని అందరికీ తెలిసిన తర్వాత నా దగ్గరే ఎందుకు కొనాలి అన్నది మిగతా సగం.

ఇప్పుడు మామ డ్రాగన్ ఫ్రూట్ అంటున్నాడు. ఎకరాకు నాలుగైదు వందల సిమెంటు స్తంభాలు, స్తంభానికి నాలుగు మొక్కలు, పెట్టుబడి లక్షల్లో. ఈసారి వీడియోలు పంపకుండా నేరుగా ఒక తోటకు తీసుకెళ్లాడు. రైతు మంచివాడు, దాపరికం లేకుండా మాట్లాడాడు. పోయిన ఏడాది ఆదాయం ఎంత అంటే చెప్పాడు. అందులో పండు ఎంత, మొక్క కొమ్మలు ఎంత అని మామే అడిగాడు. నేను అడగలేదు. రైతు కాసేపు లెక్కపెట్టుకొని, సగానికి పైన కొమ్మలేనన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మామ దారి పొడవునా మాట్లాడలేదు.

అయితే నేను దీన్ని ఇంకా కొట్టిపారేయలేదు. రెండు ఆదివారాలుగా సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక పండ్ల బండి పక్కన నిలబడుతున్నాం. డెంగీ జ్వరాలు ఉన్న నెలల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని జనం ఎగబడి కొంటారని, తర్వాత పడిపోతుందని బండాయన చెప్పాడు. అది నాకు నల్లకోడిలాగే వినిపించింది. కానీ ఒకావిడ రెండు వారాలూ వచ్చింది. జ్వరం లేదు, ఏమీ లేదు. పాపకు స్కూలు డబ్బాలో పెడితే మిగల్చకుండా తింటుందట, రెండు పండ్లు తీసుకుంది. సంచి ఇంటి నుంచే తెచ్చుకుంది.

వచ్చే ఆదివారం మూడోసారి వెళ్తున్నాం. ఈసారి నోట్‌బుక్ మామే తెస్తానన్నాడు.